నంబరు ఇవ్వకుండానే మాట కలుపుకోవచ్చు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కాకినాడలో ఒక బ్యాంకులో పనిచేస్తూ ఒంటరిగా అద్దెకుంటున్నాను. సరదాకి బాల్కనీలో కూర్చుని పాత పాటలు పాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంటాను. మూడు నెలల క్రితం ఒకాయన నా పాట బాగుందని మెసేజ్ పెట్టారు. పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. మర్యాదగా మాట్లాడతారు, రోజూ రాత్రి కాసేపు చాట్ చేసుకుంటాం. నాకూ ఆయనంటే ఇష్టం కలుగుతోంది. ఈ మధ్య వాట్సాప్ నంబరు అడుగుతున్నారు. పుట్టినరోజుకి చీర పంపుతాను, అడ్రస్ ఇవ్వమంటున్నారు. ఇవ్వాలనీ లేదు, ఆయన నొచ్చుకునేలా కాదనాలనీ లేదు. ఎంతవరకు చెప్పొచ్చు? ఎక్కడ ఆపాలి?

సమాధానం: ఆయనతో మీరు చెప్పుకునే మాటల్ని రెండుగా విడదీసి చూడండి. ఏ పాట వింటే కళ్లు చెమరుస్తాయి, ఎలాంటి మనిషి దగ్గర మీకు కాలం తెలియకుండా గడిచిపోతుంది, పెళ్లి గురించి మీరేమనుకుంటున్నారు లాంటివి ఒక రకం. ఎంత చెప్పినా వీటిని పట్టుకుని ఎవరూ మీ గుమ్మం ముందుకు రాలేరు. మీరు ఎక్కడ ఉంటారు, ఏ వేళకు ఎటు వెళ్తారు, పూర్తి పేరేమిటి, చుట్టూ ఎవరున్నారు అన్నవి రెండో రకం. మొదటి రకంలో ధారాళంగా ఉండండి, రెండోదాంట్లో పిసినారిగా ఉండండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మనసులో మాట చెప్పడానికి మొహమాటపడి, ఇవాళ ఎక్కడికెళ్లాం, ఎన్నింటికొచ్చాం అన్న కబుర్లతో చాట్ నింపేస్తారు. మూడు నెలలయ్యేసరికి అవతలి మనిషికి వాళ్ల మనసు తెలియదు గానీ దినచర్య మాత్రం కంఠతా వచ్చేస్తుంది.

మనసు సంగతుల్లోనూ డబ్బు మాట వేరు. జీతం, బంగారం, లోన్లు, ఇంట్లో వాటాల గొడవలు ముఖం చూడని మనిషి దగ్గర ఎత్తకండి. మీరు బ్యాంకు ఉద్యోగి అని తెలిసిన మనిషికి ఆ ఆసక్తి ఉంటే, ఇలాంటి కబుర్లలోనే మెల్లగా బయటపడుతుంది.

ఇప్పటికే ఆయనకు ఏమేం తెలిసి ఉండొచ్చో లెక్క వేద్దాం. ఏ వివరమూ విడిగా చూస్తే ప్రమాదం అనిపించదు. కాకినాడలో బ్యాంకు అంటే బోలెడు బ్రాంచీలు. కానీ ఒకరోజు “ఇవాళ లేటయింది, అయినా ఆఫీసు నుంచి నడిచే వచ్చేశాను” అన్నారనుకోండి. మీ ఇల్లు బ్రాంచికి నడక దూరంలో ఉందని తేలిపోయింది. బాల్కనీ రీల్‌లో మీ భుజం వెనక ఒక గుడి గోపురం, దానికి ఎడంపక్కన వాటర్ ట్యాంకు కనిపిస్తాయనుకోండి. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, ఆ రెండూ ఆ వరసలో ఏ వీధి నుంచి కనిపిస్తాయో చూస్తే నాలుగైదు భవనాలు మిగులుతాయి. వాటికి నడక దూరంలో బ్యాంకులు ఒకటో రెండో ఉంటాయి. ఆపైన కౌంటర్ ముందు నిలబడి ముఖం పోల్చుకోవడమే పని, ముఖం రీల్స్‌లో ఉండనే ఉంది. పట్టుదల ఉన్నవాడికి ఇది ఒక సాయంత్రం పని. ఈయన అలా చేస్తారని అనడం లేదు. మీ ఖాతా అందరికీ తెరిచి ఉంటే ఆ రీల్స్ ఈయన ఒక్కరే చూడటం లేదు కదా.

కాబట్టి ముందు బాల్కనీ సంగతి చూడండి. బయటి దృశ్యం కనిపించే రీల్స్‌ని డిలీట్ చేయక్కర్లేదు. Archive చేస్తే లైకులు, కామెంట్లతో సహా మీ దగ్గరే ఉంటాయి, బయటివాళ్లకు కనిపించవు. ఇకపై ఏమీ లేని గోడ ముందు కూర్చుని పాడండి. గోడ వల్ల దృశ్యం పోతుంది గానీ శబ్దం పోదు. పక్క గుడి మైకులో ఊరి పేరు వినిపించొచ్చు, స్టేషన్ దగ్గరైతే రైళ్ల అనౌన్స్‌మెంటు వినిపించొచ్చు. పోస్టు చేసే ముందు ఒకసారి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. చాట్‌లో ఇదివరకు రాసిన వాటిని Unsend చేస్తే ఇద్దరి వైపూ పోతాయి. ఆయన చదివేసినవి ఎలాగూ గుర్తుంటాయి, పాతవన్నీ గుట్టుగా తీసేస్తే అనుమానం కూడా వస్తుంది. అందుకే వీధి పేరు, బ్రాంచి పేరు లాంటివి ఉంటే అవి మాత్రం తీసి, మిగతావి వదిలేయండి. ఇక మీదట కొత్తవి చేర్చకపోతే చాలు. అబద్ధపు ఊరు, అబద్ధపు ఉద్యోగం చెప్పే దారి పట్టకండి. దాన్ని గుర్తుపెట్టుకుని నెలల తరబడి మోయాలి, రేపు సంబంధం నిలబడితే మీరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. “గోదావరి జిల్లాల వైపు” అంటే నిజమూ చెప్పినట్టే, దాచుకున్నట్టూ ఉంటుంది.

ఖాతాలో ఇంకో కంత ఉంది. మీ ఫాలోయర్ల జాబితాలో చెల్లెలు, పిన్ని కూతురు, ఆఫీసు స్నేహితురాలు ఉంటారు. మీ ఖాతా ఎంత జాగ్రత్తగా ఉన్నా, చెల్లెలు తన పెళ్లిరోజు ఫొటోలో మిమ్మల్ని ట్యాగ్ చేసి, కింద ఫంక్షన్ హాలు పేరు పెట్టిందంటే కథ అయిపోయింది. Tags and mentions లోకి వెళ్లి ట్యాగులు మీరు ఒప్పుకున్నాకే కనిపించేలా మార్చండి. పాటల కోసం ఒక ఖాతా, ఇంటివాళ్ల కోసం ఒక ఖాతా పెట్టుకుని, ఒకదాన్నుంచి రెండోదాన్ని ఫాలో కాకుండా ఉండటం ఇంకా మేలు. రెండు చోట్లా ఒకే ప్రొఫైల్ ఫొటో మాత్రం వద్దు. గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటో వేసి వెతికితే రెండోది బయటపడే అవకాశం ఉంది.

ఇక నంబరు. మన దేశంలో ఫోన్ నంబరు ఇవ్వడమంటే పూర్తి పేరు ఇచ్చినట్టే. ఆ నంబరుకి యూపీఐ ఉంటే, ఏదైనా పేమెంట్ యాప్‌లో దాన్ని కొట్టగానే బ్యాంకు రికార్డులో ఉన్న పేరు తెర మీదికొస్తుంది. రూపాయి కూడా పంపనక్కర్లేదు. అందులో చాలావరకు మీ ఇంటిపేరు కూడా ఉంటుంది. మన ఇళ్లలో ఇంటిపేరు, ఊరు కలిపి ఫేస్‌బుక్‌లో వెతికితే అన్నదమ్ములు, మేనమామలు వరసగా దొరుకుతారు. ట్రూకాలర్‌లో మీ నంబరు ఎవరైనా “ఫలానా బ్యాంకు మేడమ్” అని సేవ్ చేసి ఉంటే అదీ కనిపించొచ్చు. ఆయన ఫోన్‌లో కాంటాక్టులు సింక్ అవుతుంటే, ఆ నంబరుతో మీరు తెరిచి దాచుకున్న రెండో ఖాతాను ఇన్‌స్టాగ్రామ్ తనంతట తానే “మీకు తెలిసినవారు కావచ్చు” అంటూ ఆయనకు చూపించొచ్చు. ఇన్ని తలుపులు తెరుచుకుంటాయని నంబరు అడిగినవాళ్లకే చాలాసార్లు తెలియదు. అడగడం తప్పూ కాదు. ఇవ్వకపోవడమూ తప్పు కాదు.

నిజానికి నంబరు లేకపోతే ఆగిపోయే పనేమీ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనే వాయిస్ కాల్, వీడియో కాల్ ఉన్నాయి. కొన్ని నెలలు పోయాక, ఆయన ఎవరో నమ్మకంగా తెలిశాక, ఇవ్వాలనిపిస్తే దానికోసం ఒక వేరే సిమ్ తీసుకోండి. దాన్ని బ్యాంకుకి, ఆధార్‌కి, ఏ పేమెంట్ యాప్‌కీ కలపకండి. ఇప్పుడు ఒకే ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు వాట్సాప్ ఖాతాలు నడుస్తాయి కాబట్టి ఇంకో ఫోన్ కొనక్కర్లేదు. ఆ ఖాతాలో ప్రొఫైల్ ఫొటోగా పువ్వో, తంబురో పెట్టండి, Two-step verification పిన్ పెట్టండి. రీఛార్జి మానేస్తే కొన్నాళ్లకు ఆ నంబరు పోయి ఇంకొకరి చేతికి వెళ్తుంది, అందుకే పిన్. Settings లో Privacy, అందులో Advanced కి వెళ్తే Protect IP address in calls అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కాల్స్ వాట్సాప్ సర్వర్ల మీదుగా వెళ్తాయి, మీ ఇంటి ఇంటర్నెట్ అడ్రసు అవతలికి చేరదు.

కాదని చెప్పే పద్ధతే అసలు కష్టం. మనవాళ్లకు నోటికి ముందొచ్చేది సాకు. “మా అన్నయ్య ఒప్పుకోడు”, “ఫోన్ పాడైంది”, “ఇంట్లో అమ్మ ఉంటుంది”. సాకుతో రెండు నష్టాలు. ప్రతి సాకుకూ ఒక పరిష్కారం ఉంటుంది కాబట్టి బేరం మొదలవుతుంది. అన్నయ్య లేనప్పుడు చేస్తానంటారు, ఫోన్ బాగైందా అని వారానికోసారి అడుగుతారు. రెండోది, ఆ సాకులోనే ఇంట్లో ఎవరు ఎప్పుడుంటారో మీరే చెప్పేస్తారు. అందుకే కారణం చెప్పకుండా, మీ అలవాటుగా చెప్పండి. ఒకటి కాదన్న చోట ఇంకోటి ఇవ్వండి. ఇవ్వాళ్టికి ఇలా రాయొచ్చు:

“కలవకముందు నంబరు ఇవ్వడం నాకు అలవాటు లేదండీ, మీకనే కాదు, ఎవరికీ ఇవ్వను. మీతో మాట్లాడటం మాత్రం నాకు బాగుంది. శనివారం సాయంత్రం ఆరింటికి వీలైతే ఇక్కడే వీడియో కాల్‌లో ఓ పావుగంట మాట్లాడుకుందాం.”

ఇందులో క్షమాపణ లేదు, గమనించండి. “సారీ” అంటే తప్పు చేసినట్టవుతుంది, తప్పుకు దిద్దుబాటు అడుగుతారు. “ఇప్పుడే వద్దు” అనడం కూడా జాగ్రత్త. అది విన్నవాళ్లు వచ్చే వారం మళ్లీ అడగడానికి అనుమతిగా తీసుకుంటారు. “కలిశాక” అని గీత గీస్తే ఆ గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలుస్తుంది.

చీర సంగతీ అంతే. కొరియర్ పొట్లం మీద పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు మూడూ ఒకేచోట ఉంటాయి, ట్రాకింగ్‌లో ఏ రోజు ఏ వేళకు అందుకున్నారో కూడా తెలుస్తుంది. ఆఫీసు అడ్రస్ ఇస్తే బ్రాంచి తెలిసిపోతుంది, పైగా సహోద్యోగుల ముందు విప్పాల్సిన పొట్లం అవుతుంది. పొట్లం ఎక్కడో ఆగిందని, విడిపించడానికి డబ్బు కట్టమని మరుసటి వారం ఫోన్ వచ్చే మోసం కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. “చీర మాట విని సంతోషమేసింది. కానీ పంపకండి, కలిసిన రోజు మీ చేత్తోనే ఇద్దురు గానీ. ఈసారి పుట్టినరోజుకి మీకు నచ్చిన పాటొకటి చెప్పండి, అది పాడి పెడతాను” అనండి. ఆయనకు పాట దక్కుతుంది, మీ అడ్రస్ మీ దగ్గరే ఉంటుంది. పుట్టినరోజు తేదీ ఆయనకు తెలిసే ఉంటుంది గానీ సంవత్సరం చెప్పి ఉండకపోతే అలాగే ఉంచండి. పూర్తి పుట్టిన తేదీ అడిగి మనిషిని గుర్తుపట్టే చోట్లు చాలా ఉన్నాయి, మీ వృత్తిలో ఉన్న మీకు తెలియంది కాదు.

ఈ రెండు మెసేజ్‌లు పంపాక ఆయన ఏమంటారో చూడండి, మూడు నెలల తీపి మాటల కంటే అది ఎక్కువ చెబుతుంది. “సరేనండీ, శనివారం ఖాళీయే” అంటే హాయి. కాస్త చిన్నబుచ్చుకుని, మర్నాటికి మామూలైపోయినా కంగారు పడక్కర్లేదు, కాదంటే ఎవరికైనా ఒక పూట చివుక్కుమంటుంది. చూడాల్సింది రెండోసారి. అదే విషయం ఇంకో తలుపు నుంచి వస్తుందా? “ఇన్నాళ్లు మాట్లాడాక కూడా నమ్మకం లేదా” అని మొదలై, రెండు రోజులు మౌనం, తర్వాత “అడ్రస్ వద్దులెండి, వీధి పేరు చెప్పండి చాలు” అని దిగితే అది చిన్నబుచ్చుకోవడం కాదు, ఒత్తిడి. మీరు లేటుగా జవాబిచ్చినప్పుడు “ఆన్‌లైన్‌లో కనిపించారే” అనడం కూడా ఆ కోవలోదే. దానికి మందు మీ చేతిలోనే ఉంది. Messages and story replies లో Show activity status, Show read receipts రెండూ ఆపేయండి. ఆయన ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో మీకూ కనిపించదు, ఆ మాత్రం నష్టం పర్లేదు. రోజూ రాత్రి చాట్ అన్నారు, దాన్ని వారానికి నాలుగు రోజులకు తగ్గించండి. రోజూ జరిగేది రెండు నెలల్లో హక్కు అయిపోతుంది, ఒకరోజు మానేస్తే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

వీడియో కాల్‌కి కొంచెం ఏర్పాటు కావాలి. మీ ముఖం, గొంతు ఆయనకు మూడు నెలలుగా తెలుసు. ఆయనవి మీకు ఫొటోల్లో తప్ప తెలియవు. ఈ లెక్క సరిచేయడం దాని మొదటి పని. కాల్‌కి ముందే ఆయన ఫొటోలు రెండు మూడు గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, అవే ఇంకో పేరుతో కనిపిస్తే అక్కడితో సరి. ఆయన చెప్పిన కంపెనీ, పేరు లింక్డ్‌ఇన్‌లో కలిపి చూడండి. అక్కడ ప్రొఫైల్ ఉందంటే నిజమని కాదు. పాత సహోద్యోగులు, చదివిన కాలేజీ, సంవత్సరాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా అన్నది చూడాలి. కాల్‌లో మీ వెనక ఖాళీ గోడ, ముందు వెలుతురు, చెవిలో ఇయర్‌ఫోన్స్. ఎవరైనా రికార్డు చేయొచ్చు అనుకునే మాట్లాడండి, స్క్రీన్ రికార్డింగ్ జరిగితే మీకు తెలిసే దారి లేదు. మాటల మధ్యలో “కిటికీ లోంచి పుణె ఎలా ఉందో చూపించండి” అనండి, ఆయన లేచి నడుస్తారు, ముఖం పక్కకు తిరుగుతుంది, చెయ్యి ముఖానికి అడ్డం వస్తుంది. ముఖం మార్చే యాప్‌లు ఎక్కువగా తడబడేది అక్కడే, చెంప అంచులు వణకడమో చెదరడమో కనిపిస్తుంది. ఇది తిరుగులేని పరీక్షేమీ కాదు, కానీ కెమెరా పనిచేయడం లేదని మూడోసారీ తప్పించుకునేవాళ్లను మాత్రం ఇట్టే పట్టిస్తుంది.

కాల్ పావుగంటకు మించనివ్వకండి, బాగున్నా సరే. మొదటి కాల్‌లోనే రెండు గంటలు మాట్లాడితే దగ్గరితనం ఉన్నదానికంటే ఎక్కువగా అనిపించి, మర్నాడు అడిగినవన్నీ ఇచ్చేయాలనిపిస్తుంది. ఒంటికి సంబంధించిన ఫొటోలు, వీడియోలు ఆయన ఎంత మంచివారైనా వద్దు. ఒకసారి చూస్తే మాయమయ్యే ఫొటో అని ఉంటుంది, స్క్రీన్‌షాట్ రాదు నిజమే. పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీస్తే ఎవరూ ఆపలేరు. ఎప్పుడైనా కాల్‌లో ఆయన అసభ్యంగా ప్రవర్తిస్తే మాట్లాడకుండా కట్ చేయండి.

ఎన్నాళ్లకు ఏది అన్నదానికి మా లెక్క ఇది. వీడియో కాల్స్ మూడు నాలుగు అయి, ఆయన చెప్పిన వివరాలు పొసిగి, ఒకసారైనా మీరు కాదన్నదాన్ని ఆయన రెండోసారి అడగకుండా ఉన్నాక కలవడం గురించి ఆలోచించొచ్చు. ఇది నెలన్నరకు తక్కువ కాకపోతే మంచిది. కలిసేది కాకినాడలో వద్దు. రాజమహేంద్రవరమో విశాఖో అయితే ఇద్దరికీ ప్రయాణమే, మీ ఊరు మీకు మిగులుతుంది. పగటిపూట, జనం ఉండే హోటల్లో, గంటన్నర అని ముందే చెప్పి, తిరుగు ప్రయాణం టికెట్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఏ బస్సో, ఏ రైలో ఆయనకు చెప్పనవసరం లేదు. నమ్మకమైన స్నేహితురాలికి ఆయన పేరు, ఫొటో, ప్రొఫైల్ లింకు, హోటల్ పేరు పంపి, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు పెట్టండి. గంటకోసారి ఆమెకు మీరు మెసేజ్ పెట్టాలి. రాకపోతే ఆమె ఫోన్ చేయాలి, ఎత్తకపోతే 112కి చేయాలి. ఇంటి దాకా దింపుతానంటే వద్దనండి.

పంపకూడనిది ఇప్పటికే ఏదైనా పంపి ఉంటే, లేదా రేపు ఆయన తీరు మారి బెదిరింపుల్లోకి దిగితే, చేయాల్సిన వరస ముఖ్యం. బ్లాక్ చేయడం చివరి పని. ముందు చాట్, ప్రొఫైల్ పేరు, యూజర్‌నేమ్, లింకు అన్నీ కనిపించేలా తేదీతో స్క్రీన్‌షాట్లు తీయండి, యూజర్‌నేమ్ ఆయన ఎప్పుడైనా మార్చేయొచ్చు. డబ్బు అడిగితే ఒక్క రూపాయీ పంపకండి, పంపితే ఆగరు, మొత్తం పెంచుతారు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే వీలు అంత ఎక్కువ. ఫొటోల బెదిరింపు అయితే cybercrime.gov.in లో మహిళలకు సంబంధించిన విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. stopncii.org లో ఆ ఫొటోకి ఒక అంకెల ముద్ర తయారవుతుంది. ఫొటో మీ ఫోన్ దాటదు, ముద్ర మాత్రమే వెళ్తుంది, ఆ ఏర్పాటులో ఉన్న యాప్‌లు ఆ ఫొటో తమ దగ్గరికొస్తే ఆపుతాయి. మీరే ఇష్టపడి పంపారు కదా, ఫిర్యాదెలా ఇస్తారని ఎవరైనా అంటే వెనక్కి తగ్గకండి. తీయడానికి ఒప్పుకున్నా, ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచడం నేరమేనని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ వివరణలోనే ఉంది. వద్దన్నా వెంటపడి మెసేజ్‌లు పెట్టడం 78 కిందికి వస్తుంది.

ఇవన్నీ అయ్యాక బ్లాక్ చేసేటప్పుడు, ఆయనకున్న ఇతర ఖాతాలు, ఇకపై తెరిచే ఖాతాలు కూడా అన్న ఎంపికను ఎంచుకోండి. గొడవేమీ లేదు, కేవలం దూరం కావాలంటే బ్లాక్ కంటే Restrict నయం. ఆయన మెసేజ్‌లు రిక్వెస్టుల్లోకి పోతాయి, మీరు చదివారో లేదో ఆయనకు తెలియదు.